ముప్పై సెకన్ల ట్రైలర్ స్క్రిప్టు: పద్నాలుగు నెలలు వాడాక

కర్నూలులో పదో తరగతి లెక్కల ట్యూషన్ చెబుతాను. నా యూట్యూబ్ చానెల్‌కి తొలిసారి వచ్చి, ఇంకా సబ్‌స్క్రైబ్ చేయనివాళ్ల కోసం పెట్టిన ట్రైలర్‌లో నాకు ఇప్పటికీ మహా ఇష్టమైనది మొదటి వాక్యం. నమస్కారం లేదు, నా పేరు లేదు. మా ఊరి కొండారెడ్డి బురుజు ముందు నిలబడి, దాని గోడ ఎంత ఎత్తో ఎక్కకుండా చెప్పగలరా అని నేరుగా ప్రశ్న అడుగుతాను. అంతకుముందు నా పరిచయంతో మొదలైన ట్రైలర్‌ని యూట్యూబ్ స్టూడియోలో చూస్తే, పాఠం మాట వచ్చేలోపే చూసేవాళ్ల గ్రాఫ్ కిందికి జారిపోయేది. ప్రశ్న పెట్టాక ఆ జారుడు బాగా తగ్గింది.

ఇబ్బంది పెట్టింది నిడివి. ముప్పై సెకన్లకు 75 మాటలన్న లెక్క నమ్మి రాశాను. చదివితే 43 సెకన్లు! ఆ లెక్క ఇంగ్లీషుకు సరిపోతుంది. మనకు ‘మొదలుపెట్టండి’ అన్నా ఒక్క మాటే, కానీ నోటికి పట్టే సమయం వేరు. గబగబా చదివితే పిల్లలకు అర్థం కాదు. కాబట్టి కోశాను. ఆ కోతలో ‘కంటి ఎత్తు’ అన్న ముక్క ఎగిరిపోయింది.

రెండు నెలల తర్వాత ట్యూషన్‌లో ఒక అమ్మాయి అడిగింది: “సార్, కోణం మీ కంటి దగ్గర నుంచి కదా కొలిచింది? మరి కంటి కింద ఉన్న ఎత్తు ఏమైంది?” నిజమే. జవాబులో దాదాపు మీటరున్నర తక్కువ. లెక్కల చానెల్ గుమ్మంలోనే తప్పు లెక్క! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్‌లోడ్ చేసిన వీడియో ఉన్నచోటే కొత్తది పెట్టడం కుదరదు. మళ్లీ తీసి, వేరుగా ఎక్కించి, దాన్ని ట్రైలర్‌గా ఎంచుకున్నాను. పాతదాని వ్యూస్ పాతదానికే ఉండిపోయాయి. ఇప్పుడు నడుస్తున్నది ఇదీ:

“కొండారెడ్డి బురుజు ముందు గోడ ఎంత ఎత్తో ఎక్కకుండా చెప్పగలరా? నేను వెనక్కి నడుస్తూ, గోడ పైఅంచు 45 డిగ్రీల కోణంలో కనిపించిన చోట ఆగాను. ఇక్కడి నుంచి గోడకున్న దూరానికి నా కంటి ఎత్తు కలిపితే చాలు, అదే గోడ ఎత్తు. పదో తరగతి లెక్కలన్నీ ఇలాగే, బయట చూసినవాటితో తెలుగులో చెబుతాను. మీకు ఏ పాఠం కష్టమో దానితోనే మొదలుపెట్టండి.”

యాభై మాటల లోపే. నింపాదిగా చెప్పినా 28 సెకన్లు. అయితే నేల చదునుగా లేకపోతే ఈ పద్ధతి పనికిరాదు, ఆ సంగతి ట్రైలర్‌లో పట్టలేదు, పాఠంలో చెప్పాను.

మొదటి వాక్యాన్ని అంత మెచ్చుకున్నాను గానీ, శ్రీకాకుళం నుంచి ఒకాయన “ఆ బురుజు ఎక్కడుంది?” అని రాశారు. మా జిల్లా పిల్లలకు దాని ఎత్తు కళ్ల ముందుంటుంది, ఆయనకు అది ఏదో ఒక గోడ. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా కర్నూలు, నంద్యాల పిల్లలే కాబట్టి దీన్నే ఉంచుకుంటున్నాను. తమ ట్రైలర్‌ని రాష్ట్రమంతా చూడాలనుకునేవాళ్లైతే ఊరి నీళ్ల ట్యాంకుతో మొదలుపెట్టడం మేలేమో.