జాగ్రత్త: రెండు ప్యానెళ్లు, ఒక పరదాతో వచ్చే ‘ఇంటర్వ్యూ లైట్ కిట్’ కొనేముందు

రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు, రెండు స్టాండ్లు, ఒక పరదా, మోసుకెళ్లడానికి ఒక సంచి. దీన్నే ‘ప్రొఫెషనల్ ఇంటర్వ్యూ కిట్’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నేను ఏడు వేల పైచిలుకు పెట్టి కొన్నాను. డాక్యుమెంటరీ కోసమో, ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేద్దామనో ఇలాంటిది కార్ట్‌లో పెట్టుకున్నవాళ్లు ఉంటే కాస్త ఆగండి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం లేదు, అచ్చం ఇదే సరుకు వేరే వేరే స్టిక్కర్లతో కనబడుతోంది.

మా పని భూదాన్ పోచంపల్లిలో. వయసు మళ్లిన ఒక నేత కార్మికుణ్ణి ఆయన గుంట మగ్గం ఉన్న గదిలోనే కూర్చోబెట్టి మాట్లాడించాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఒక బొమ్మ ఉంది: మనిషికి అటొక లైటు, ఇటొక లైటు, రెండూ సమాన దూరంలో, వెనక పరదా. అలాగే పెట్టాం. మానిటర్‌లో చూస్తే ఆధార్ కార్డు ఫొటోలా ఉంది. ముఖంలో ఎక్కడా నీడ లేదు, ఆ బుగ్గల మీది ముడతలన్నీ మాయం. కళ్లద్దాల్లో రెండు తెల్లటి చతురస్రాలు. వెనక పరదా మీద ఆయన తల నీడలు రెండు. పైగా రంగు. ఆ పెద్దాయన మానిటర్ చూసి, “ఏంది బిడ్డా, నా మొకానికి పసరు పూసిన్రా?” అన్నాడు.

ఆ పసరు రంగు సంగతే ముందు చెప్తాను, ఎందుకంటే డబ్బా మీద ‘సీఆర్ఐ 95+’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. సీఆర్ఐ అంటే రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె. అయితే ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును విడిగా కొలుస్తారు, దాన్ని ఆర్9 అంటారు. అది సగటులో కలవదు. మనిషి చర్మం కింద నెత్తురు ఉంటుంది కాబట్టి ముఖం జీవంగా కనబడాలంటే ఆ ఎరుపే ముఖ్యం. మన చామనఛాయ ముఖాల్లో అది తగ్గితే మనిషి నీరసంగా, బూడిద పట్టినట్టు కనబడతాడు. లైటులో లేని ఎరుపును తర్వాత ఎడిటింగ్‌లో పుట్టించలేం. పచ్చదనం ఒక్కటే అయితే ఎడిటింగ్‌లో రంగును పచ్చ నుంచి గులాబీ వైపు తిప్పే టింట్ జరిపి కొంత సర్దుకోవచ్చు. మాకొచ్చిన రెండు ప్యానెళ్లలో ఆ దారి కూడా లేదు. రెండింటినీ పగటి వెలుగు రంగుకు, అంటే 5600 కెల్విన్ దగ్గరే పెట్టినా ఒకటి ఎక్కువ పచ్చగా, ఒకటి తక్కువ పచ్చగా ఉంది. ఒక చెంప సరిచేస్తే రెండో చెంప గులాబీ రంగుకు తిరిగింది.

రెండో తలనొప్పి డిమ్మర్. వెలుగు పూర్తిగా ఉన్నప్పుడు ఏమీ తెలియలేదు. కళ్లకు ఇబ్బందిగా ఉందని పెద్దాయన అంటే పావు వంతుకు తగ్గించాం. ఫుటేజ్‌లో అడ్డంగా నల్లటి చారలు పైకి పాకుతూ వచ్చాయి. చవక ప్యానెళ్లు వెలుగును నిజంగా తగ్గించవు, చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ మినుకును షటర్ 1/50 లేదా 1/100 పెట్టి తప్పించుకోవచ్చు. ఈ డిమ్మర్ వేగం కరెంటుతో సంబంధం లేకుండా వేరే ఉంటుంది, అందుకే ఆ చిట్కా ఇక్కడ పారలేదు.

ఇక ‘సాఫ్ట్ లైట్’ అన్న మాట. ప్యానెల్ ముందు పాలరంగు ప్లాస్టిక్ రేకు తగిలించినంత మాత్రాన వెలుగు మెత్తబడదు. ముఖం వైపు నుంచి చూస్తే ఆ లైటు ఎంత పెద్దగా ఉందన్నదే లెక్క. అడుగు కూడా లేని ప్యానెల్‌ను ఆరడుగుల దూరంలో పెడితే ముక్కు నీడ కత్తిరించినట్టే పడుతుంది. లైటుకు తొడిగి ముందు తెల్ల గుడ్డతో మూసే మూడడుగుల సాఫ్ట్‌బాక్స్‌ను ఫ్రేమ్ అంచు దాకా, అంటే ముఖానికి మూడు నాలుగు అడుగుల దగ్గరికి తెస్తేనే ఆ నీడ అంచు కరుగుతుంది. దగ్గరికి తేవడంలో ఇంకో లాభం ఉంది. లైటు ముఖానికి మీటరు దూరంలో, గోడ ముఖానికి రెండు మీటర్ల వెనక ఉంటే, గోడకు చేరే వెలుగు ముఖం మీది దానిలో దాదాపు తొమ్మిదో వంతు. అదే లైటును మూడు మీటర్లకు జరిపితే గోడకు మూడో వంతు దాకా చేరుతుంది, వెనకున్న చెత్తంతా బయటపడుతుంది.

అందుకే కిట్‌లో అన్నింటికన్నా దండగ వస్తువు పరదా అంటాను. మడతలు ఇస్త్రీకి కూడా పోలేదు. వెడల్పు సరిపోక మనిషిని దానికి ఆనించినట్టు కూర్చోబెట్టాలి, అప్పుడు నీడ దాని మీదే పడుతుంది. అయినా నలభై ఏళ్లు నేసిన మనిషి వెనక మగ్గం ఉండగా దాన్ని గుడ్డతో కప్పడమేంటి?

చివరికి కిట్ అంతా సంచిలో పెట్టేశాం. గదికి ఒక పెద్ద కిటికీ ఉంది, దానికి తెల్ల పంచె కట్టాం. ట్యూబ్‌లైట్ ఆర్పేశాం, లేకపోతే రెండు రంగులు కలుస్తాయి. కుర్చీని గోడ నుంచి ఏడడుగులు ముందుకు లాగి, కిటికీ వెలుగు ఆయన ముఖానికి ఏటవాలుగా ఒక పక్క నుంచి వచ్చేలా తిప్పాం. ప్రశ్నలు అడిగే మా అన్న కెమెరాకు ఆనుకుని, కిటికీ వైపున కూర్చున్నాడు. పెద్దాయన అతన్ని చూసి మాట్లాడుతుంటే చూపు వెలుగు వైపే ఉంటుంది, ముఖంలో నీడపక్క కెమెరాకు కనబడుతుంది. ముఖానికి లోతు వచ్చేది అక్కడే. నీడ మరీ చిక్కబడితే అటువైపు థర్మాకోల్ షీటు నిలబెట్టాం, మన సినిమా షూటింగుల్లో వాడేదే. కళ్లద్దాల్లో కిటికీ మెరుస్తుంటే వాటి కాడలను చెవుల మీద కాస్త పైకి లేపమన్నాం, అద్దం కొంచెం కిందికి వంగి మెరుపు పోయింది.

కెమెరాను ఆయన కంటి ఎత్తులో పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిపి జూమ్ చేశాం. దగ్గర నుంచి వైడ్‌లో తీస్తే ముక్కు పెద్దదవుతుంది. వెనక సర్దింది తక్కువే: క్యాలెండర్, స్విచ్‌బోర్డు మీది ఛార్జర్, నీలం ప్లాస్టిక్ బకెట్ తీసేశాం. మగ్గం నిలువు కర్ర సరిగ్గా తల మీంచి మొలిచినట్టుంటే కెమెరాను జానెడు పక్కకు జరిపాం.

ఇంకా కొనాలనే ఉంటే ఒక్క మంచి లైటు, ఒక పెద్ద సాఫ్ట్‌బాక్స్ కొనండి. సీఆర్ఐ కాదు, ఆర్9 ఎంతో అడగండి. చెప్పకపోతే వదిలేయండి. సరుకు ఇంటికి రాగానే పగటిపూట ఒక చేతిని కిటికీ వెలుగులో, ఇంకో చేతిని ఆ లైటులో పెట్టి ఒకే ఫొటో తీయండి. కిటికీకి తగ్గట్టు లైటును 5600 దగ్గర పెట్టండి. అరచేయి పాలిపోయినట్టు కనబడితే తిప్పి పంపండి. తర్వాత డిమ్మర్‌ను బాగా తగ్గించి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి, మినుకు ఉంటే అందులోనే దొరుకుతుంది.

నేను ఫిర్యాదు చేస్తే మొదట ‘మీ కెమెరా సెట్టింగ్ తప్పు’ అన్నారు. డబ్బా మీది నంబరు కనబడేలా మొదలుపెట్టి, పూర్తి వెలుగు నుంచి పావుకు తగ్గించేదాకా ఆపకుండా తీసిన స్లో మోషన్ వీడియో పంపాకే రిటర్న్ తీసుకున్నారు. పరదా డబ్బులు మాత్రం ‘వాడిన వస్తువు’ అని పట్టుకున్నారు. దాని మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.