ఛార్జింగ్ పంపు డెమో వీడియోకు 90 సెకన్ల స్క్రిప్టు: కొన్ని సీజన్లు వాడాక

సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో ఎక్కువగా అడిగే సరుకుల్లో పంటకు మందు కొట్టే 16 లీటర్ల ఛార్జింగ్ పంపు ఒకటి. దాని డెమో వీడియోకు రాసుకున్న ఈ 90 సెకన్ల స్క్రిప్టును కొన్ని సీజన్లుగా వాడుతున్నాం. దుకాణానికి రాలేని రైతులకు ఫోన్‌లో పంపే వీడియో ఇది. ఏ భాగం నిలబడింది, ఏది మార్చాల్సి వచ్చింది అనేదే ఈ సమీక్ష.

స్క్రిప్టుకు బలం దాని మొదటి వాక్యం. కంపెనీ కాగితం మీద '12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్' అని ఉంటుంది. ఆ మాటతో మొదలుపెడితే రైతుకు తన చేను కనపడదు. మా స్క్రిప్టు నమస్కారం కూడా లేకుండా ఇలా మొదలవుతుంది: "పత్తికి ఎకరానికి పది, పన్నెండు పంపులు కొడతారు కదా. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే ఈ పంపు ఆ ఎకరం అంతా కొడుతుంది." రైతు లెక్క పంపుల్లోనే, అంటే నిండు ట్యాంకుల్లోనే ఉంటుంది కాబట్టి మాట నేరుగా అందుతుంది.

అయితే ఈ వాక్యం ముందు లెక్క కట్టి చూసుకోవాలి. గన్ను బకెట్‌లో పెట్టి సరిగ్గా ఒక నిమిషం నీళ్లు వదిలి కొలవండి. లీటరున్నర వచ్చిందనుకుందాం. అప్పుడు 16 లీటర్లకు దాదాపు పదకొండు నిమిషాలు, పన్నెండు పంపులకు రెండు గంటల పైచిలుకు పడుతుంది. పని చేసేటప్పుడు మోటారు రెండున్నర ఆంపియర్లు తీసుకుంటే మొత్తం ఖర్చు సుమారు ఐదున్నర ఆంపియర్ అవర్లు. కొత్త బ్యాటరీలో ఎనిమిది ఉంటాయి కాబట్టి ఎకరం దాటుతుంది. సత్తువ సగానికి పడిపోయిన పాత బ్యాటరీ మాత్రం ఎకరం పూర్తికాకుండానే ఆగిపోతుంది. అందుకే మొదటి వాక్యంలో 'కొత్త బ్యాటరీ మీద' అనే మాట తర్వాత చేర్చాం. నాలుగు నాజిళ్ల బూమ్ తగిలిస్తే ఈ లెక్క మొత్తం మారుతుంది. వీడియోలో బూమ్ చూపించి ఒంటి నాజిల్ లెక్క చెప్పడం రైతును మోసగించడమే.

ఎక్కువ ఫలితమిచ్చిన షాట్ పదిహేనో సెకను దగ్గర వస్తుంది. నీళ్లు పోశాక స్విచ్ వేస్తే మోటారు గుయ్యిమంటుంది గానీ కొన్ని సెకన్లు నీళ్లు రావు. పైపులో, పంపులో గాలి ఉండటమే కారణం. గన్ను పిడి నొక్కి పట్టుకుంటే గాలి బయటికి పోయి ధార మొదలవుతుంది. చాలా వీడియోల్లో ఈ ఖాళీని కత్తిరించి, స్విచ్ వేయగానే నీళ్లు చిమ్మినట్టు చూపిస్తారు. అది చూసి కొన్న రైతు ఇంట్లో స్విచ్ వేసి, నీళ్లు రాకపోయేసరికి పంపు చెడిపోయిందని దుకాణానికి ఫోన్ చేస్తాడు. మేం ఆ షాట్‌ను కత్తిరించం. దాని మీద ఈ మాట వస్తుంది: "మొదటిసారి గాలి ఉంటుంది, పిడి నొక్కి పట్టండి, ఇదిగో వస్తోంది." ఎక్కువసేపు పట్టినా రాకపోతే ట్యాంకు అడుగున ఉండే జాలి చూడమని ఆ వెంటనే ఒక్క వాక్యం. నీళ్లలోని నాచు, మందు పొడి ముద్దలు అక్కడే పేరుకుంటాయి.

దీని పక్కనే ఇంకో భయం ఉంటుంది. పిడి వదలగానే మోటారు ఆగిపోతుంది. లోపలి ప్రెషర్ స్విచ్ తన పని తాను చేస్తున్నా, కొత్తగా కొన్నవారికి అది రిపేరులా తోస్తుంది. అందుకే పిడిని రెండుసార్లు వదిలి, రెండుసార్లు నొక్కి చూపిస్తాం. ఇక్కడ సంగీతం పెట్టకూడదు, మోటారు శబ్దం ఆగడం చెవికి వినపడాలి. పిడి వదిలినా మోటారు ఆగి ఆగి కొట్టుకుంటూ ఉంటే ఎక్కడో వాషర్ దగ్గర నీరు కారుతోందని చెప్పడానికి కూడా ఇదే చోటు.

నాజిళ్లకు పన్నెండు సెకన్లు పెట్టాం. చాలవని తేలి ఇరవైకి పెంచాం. పురుగు మందుకు సన్నని తుంపర గుండ్రంగా పడే కోన్ నాజిల్, గడ్డి మందుకు ధార వెడల్పుగా పడే ఫ్లడ్‌జెట్ నాజిల్. గాల్లో కొట్టి చూపిస్తే ఫోన్ తెర మీద రెండూ ఒకేలా తెల్లగా కనపడతాయి. ఎండిన సిమెంటు నేల మీద కొట్టండి, తడి మరక ఆకారం చూడగానే తేడా తెలుస్తుంది. డెమోలో ఉత్త నీళ్లే వాడాలి. అయినా కొట్టే మనిషి నిండు చేతుల చొక్కా, మాస్కు, చేతి తొడుగులు వేసుకుని గాలి వాలుగా నడవాలి. చూసేవారు దాన్నే అనుసరిస్తారు.

స్క్రిప్టులో మొదట లేనిదీ, ఇప్పుడు తీసేయలేనిదీ ఒక హెచ్చరిక: "గడ్డి మందు కొట్టిన పంపును పత్తి చేనులోకి తేవద్దు." 2,4-డి కొట్టిన పంపులో మిగిలిన కాస్తంత మందు చాలు, పత్తి ఆకులు చీలిపోయి బెండ ఆకుల్లా సన్నగా మారుతాయి. కడిగితే సరిపోతుందా అంటే, ట్యాంకుతో పాటు పైపు, గన్ను, జాలి అన్నీ మూడుసార్లు కడిగినా నమ్మకం లేదు. గడ్డి మందుకు వేరే పంపు ఉంచుకోవడమే మేలు. కొనేవాళ్లకు ఇది రెండో పంపు అమ్ముకునే మాటలా వినిపించే ప్రమాదం ఉంది. అందుకే "పాత చేతి పంపు ఉంటే దాన్నే గడ్డి మందుకు ఉంచుకోండి" అని కలిపాం.

బ్యాటరీ సంగతి చివరి పదిహేను సెకన్లు. పంపు దుకాణానికి తిరిగి రావడానికి ముఖ్య కారణం మోటారు కాదు, వాడకుండా మూలన పెట్టిన బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జింగ్ నిలవదు. స్క్రిప్టులో మాట ఇది: "పని అయిన రోజే ఛార్జింగ్ పెట్టండి. పంట లేని రోజుల్లో నెలకోసారి పెట్టండి." మోయడం గురించి ఒక్క షాట్ చాలు: నిండు ట్యాంకుతో ఇరవై కిలోలు దాటుతుందని చెప్పి, వీపుకు ఎత్తుకోవడం చూపిస్తే చాలు.

ధరను గొంతుతో చెప్పడం మాత్రం మానేశాం. ధర మారినప్పుడల్లా మళ్లీ రికార్డు చేయాలి, పాత వీడియో వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటే గొడవ. చివర ఒక కార్డు మీద ధర, తేదీ రాస్తాం. అది మార్చడం తేలిక. బ్యాటరీ గ్యారంటీ ఎన్ని నెలలో, మోటారుది ఎన్ని నెలలో విడివిడిగా అదే కార్డు మీద ఉండాలి, ఎందుకంటే రెండూ ఒకటి కావు.

భాష సంగతి. హైదరాబాద్‌లో తీసిన వీడియో వికారాబాద్, నల్లగొండ నుంచి కర్నూలు దాకా వెళ్తుంది. ఒక్క ప్రాంతం యాసలో రాస్తే మిగతావారికి నాటకంలా ఉంటుంది. మామూలు మాటల తెలుగు, 'మీరు' మర్యాద, చిన్న వాక్యాలు బాగా నప్పాయి. 'నాజిల్', 'గన్ను', 'స్విచ్' వంటి మాటలకు తెలుగు పేర్లు పుట్టించకండి.

ఈ స్క్రిప్టు పవర్ వీడర్‌కు పనికిరాదు. ఆయిల్ కలపడం, స్టార్టర్ లాగడం, బ్లేడ్ల దగ్గర జాగ్రత్తలు 90 సెకన్లలో పట్టవు. లిథియం బ్యాటరీ పంపుకు కూడా ఎకరం లెక్క, ఛార్జింగ్ మాట రెండూ కొత్తగా రాయాలి.