పీసీడీ బటన్ మంచిదే, దాని ఎండ్ యాంగిల్‌తోనే తంటా

మాది మిర్యాలగూడలో చిన్న వర్క్‌షాపు. రైస్ మిల్లుల పుల్లీలు, కప్లింగులు, పంపుల ఫ్లాంజులు, ఇవే మా రోజువారీ పని. మిల్లింగ్ మిషన్‌కు టేబుల్ ఎంత కదిలిందో అంకెల్లో చూపించే డిజిటల్ రీడౌట్ పెట్టించి చాలా కాలమైంది. స్కేళ్లు, డిస్‌ప్లే, బిగించే తీరు గురించి అందరూ రాసేశారు. నేను రాసేది అందులో ఉన్న ఒక్క పీసీడీ బటన్ గురించే. పీసీడీ అంటే హోళ్ల సెంటర్లన్నీ పడే చుట్టు వ్యాసం.

కొన్న కొత్తలో దాన్ని చూసి మురిసిపోయిన. అంతకుముందు మేం ఫ్లాంజు మీద చుట్టు గీసి, డివైడర్‌తో అడుగులు వేసుకుంటూ పంచ్ కొట్టేటోళ్లం. డివైడర్ 0.1 ఎంఎం ఎక్కువ తెరుచుకుందంటే ఎనిమిది హోళ్ల ఫ్లాంజులో ఏడు అడుగులు వేసేసరికి ఆఖరి సందు 0.7 తక్కువ వస్తది. ముందు హోల్ తప్పు వెనక హోల్ మీద పడుతూ పోతది. కోఆర్డినేట్ పద్ధతిలో ఆ బాధ లేదు. ప్రతి హోల్‌నూ సెంటర్ నుంచే కొలుస్తం, ఒకదాని తేడా ఇంకోదానికి అంటదు. పైగా స్కేలు చూసేది టేబుల్ కదలికను, స్క్రూను కాదు. మా మిషన్ స్క్రూలో ఉన్న లూజు లెక్కలోకే రాదు.

నిండు చుట్టుకు రీడౌట్ బాక్స్ లోపల చేసే లెక్క ఇంతే, N అంటే హోళ్లు ఎన్ని అన్నది:

```
angle = start + k × 360/N      (k = 0, 1, ... N-1)
x = (PCD/2) × cos(angle)
y = (PCD/2) × sin(angle)
```

సెంటర్, పీసీడీ, హోళ్లు ఎన్ని, స్టార్ట్ యాంగిల్, ఎండ్ యాంగిల్ కొడితే ఒక్కో హోల్‌కు ఎంత పోవాలో చూపిస్తది. హ్యాండిళ్లు తిప్పి రెండు అంకెల్నీ సున్నాకు తెచ్చుడు, డ్రిల్లు దించుడు. పని నేర్చుకునే పిలగాడు కూడా చేస్తడు. చాలా కాలం స్టార్ట్ 0, ఎండ్ 360 అనే నడిచింది, ఎక్కడా తేడా రాలేదు. దోస్తులందరికీ "కళ్లు మూసుకొని కొనుండ్రి" అని చెప్పిన. ఇప్పుడైతే ఆ కళ్లు మూసుకునే ముచ్చట వద్దంట.

ఎందుకంటే, ఒక సేటు 80 ఎంఎం వాల్వుకు సరిపోయే ఫ్లాంజు అడిగిండు. పీసీడీ 160, 18 ఎంఎం హోళ్లు ఎనిమిది, పీఎన్ 16 అనే ప్రెషర్ క్లాసు కొలత. దానికి కింద కాలు వెల్డింగ్ చేసి ఉంది కాబట్టి తిప్పి బిగించుకునే వీలు లేదు. వాల్వు ఫ్లాంజులకు నిలువు గీత మీద హోల్ ఉండదు, గీతకు అటొకటి ఇటొకటి ఉంటయి. ఎనిమిది హోళ్లయితే ఒక్కో సందు 45 డిగ్రీలు, అందులో సగం 22.5. అందుకే స్టార్ట్ యాంగిల్ 22.5 కొట్టినం. ఎండ్ యాంగిల్ ఎప్పటిలాగే 360 ఉంది.

బాక్స్ దాన్ని వేరేగా అర్థం చేసుకుంది. 0 నుంచి 360 అంటే దానికి నిండు చుట్టు. 22.5 నుంచి 360 అంటే మాత్రం చుట్టు కాదు, ముక్క. మొదటి హోల్ 22.5 దగ్గర, ఆఖరిది 360 దగ్గర పెట్టి, మధ్యలో ఉన్న 337.5 డిగ్రీలను ఏడు సందులకు పంచింది. 45 రావాల్సిన చోట 48.21 వచ్చింది. మాన్యువల్‌లో ఈ సంగతి మీద ఒక్క వాక్యం లేదు. నా కోపమంతా దీని మీదనే.

ఇంకో చిక్కు ఏందంటే, స్క్రీన్ మీద కనిపించేది సున్నాకు ఎంత దూరమన్నదే, అసలు కోఆర్డినేట్ కాదు. తప్పు హోల్ దగ్గర కూడా అదే సున్నా వస్తది. మొదటి హోల్ సరిగ్గానే పడ్డది. రెండోది 4.5 ఎంఎం పక్కకు పోయింది, అంత పెద్ద ఫ్లాంజు మీద కంటికి ఆనలేదు. మేం ముందుగా అన్నింటికీ సెంటర్ డ్రిల్ గుర్తు పెట్టి, తర్వాతే పెద్ద డ్రిల్లు వేస్తం కాబట్టి ఫ్లాంజు దక్కింది. ఎనిమిదో గుర్తు పెట్టంగనే పిలగాడు పిలిచిండు, "అన్నా, ఇది మొదటిదాని పక్కకొచ్చి కూసున్నది చూడు." వెర్నియర్ పెట్టి చూస్తే మిగతా సందులు 65.35 ఉన్నయి, ఆ ఒక్క సందు 31.2.

ఎండ్ యాంగిల్ 337.5కు మార్చినం. అంటే ఆఖరి హోల్ నిజంగా ఉండాల్సిన కోణం. 22.5 నుంచి 337.5 వరకు 315 డిగ్రీలు, ఏడు సందులు, ఒక్కోటి 45. సరిపోయింది. పాత గుర్తుల్లో రెండోది 18 డ్రిల్లులో కలిసిపోయింది, మూడోది అంచు మీదకు వచ్చింది, నాలుగోది వాషర్ కిందికి పోయింది, మిగిలినవి బయటనే ఉన్నయి. గుర్తులు వెనక ముఖం మీదనే కాబట్టి గ్యాస్కెట్‌కు ఇబ్బంది లేదు. అయినా సేటుకు చూపించే ఇచ్చినం. ఆయన ఏమనలేదు గానీ, ఫ్లాంజును రెండుసార్లు తిప్పి చూసుకున్నడు.

అప్పటి నుంచి బటన్ నొక్కే ముందు కాలిక్యులేటర్ మీద ఒక్క హోల్ వేసుకుంటున్న. ఈ ఫ్లాంజుకు పీసీడీని 0.4619తో గుణిస్తే 73.91, 0.1913తో గుణిస్తే 30.61. గీతకు అటూ ఇటూ పడే ఎనిమిది హోళ్లకు ఈ రెండు అంకెలే, ఎక్స్ వైలు, ప్లస్సు మైనస్సులు మార్చుకుంటూ వస్తయి. ఐదో హోల్ మొదటిదానికి నేరుగా ఎదురు, అంటే మైనస్ 73.91, మైనస్ 30.61 కావాలి. పీసీడీ మోడ్ నుంచి బయటికొచ్చి చూస్తే స్క్రీన్ మీద ఆ అంకెలు కనిపించాలి. లేకుంటే అక్కడే ఆగాలి. గుర్తులు పెట్టినంక సందు కొలవడానికి పీసీడీని sin(180/N)తో గుణిస్తే చాలు, ఇక్కడ 61.23 వస్తది. ఐదు, ఏడు హోళ్ల పనిలో ఎదురు హోల్ ఉండదు, అక్కడ ఈ సందు కొలతే దిక్కు. మొదటి సందు కాదు, ఆఖరి హోల్‌కూ మొదటి హోల్‌కూ మధ్య సందు కొలవాలి. తప్పంతా పోయి అక్కడే జమ అయితది.

ఈ కొలతకు చిక్కని తప్పు ఒకటుంది, సెంటర్. బోర్‌లో డయల్ తిప్పి సున్నా పట్టేటప్పుడు 0.2 ఎంఎం తేడా వస్తే హోళ్లన్నీ కలిసి 0.2 జరుగుతయి. సందులు మాత్రం అన్నీ సరిగ్గానే ఉంటయి. అది చూడాలంటే బోరు గోడ నుంచి హోల్ అంచు వరకు ఎదురెదురు రెండు చోట్ల కొలవాలి, తేడా రెండింతలై 0.4 చూపిస్తది. మధ్యలో కరెంటు పోయి టేబుల్ కదిలినా మళ్లీ డయల్ పట్టుకోవాల్సిందే, మా స్కేళ్లకు ఆ కదలిక తెలియదు.

కొనమంటరా అని అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. నాకు ఐదు, ఏడు, పన్నెండు హోళ్ల కప్లింగులు వస్తయి, ఈ బటన్ లేకుంటే సగం పూట కాగితం మీదనే పోతది. మీకు వచ్చేవి నాలుగు హోళ్ల ఫ్లాంజులే అయితే పీసీడీని 0.3536తో గుణించి, అదే అంకె ఎక్స్‌కూ వైకీ ప్లస్సు మైనస్సులు మార్చుకుంటూ పెట్టుకోండి, 45 డిగ్రీల మీద నాలుగూ వస్తయి. అందుకోసం డబ్బు పెట్టక్కర్లేదు. ఇంకో కంపెనీ బాక్స్ ఎండ్ యాంగిల్‌ను మా దానిలా కాకుండా వేరేగా లెక్క పెట్టొచ్చు. కొనే ముందు షాపులోనే స్టార్ట్ 22.5, ఎండ్ 360, ఎనిమిది హోళ్లు కొట్టించి, రెండో హోల్ ఎక్కడ చూపిస్తదో చూసుకోండి.