వైరు కదిలితే చిటపట అంటోందా? జాక్ మార్పించే ముందు ఇది చదవండి

హెడ్‌ఫోన్ కొన్న ఆరు వారాలకే చిటపట మొదలైంది. అమ్మినవాళ్లు మీ లాప్‌టాప్ జాక్ పోయిందన్నారు. రిపేరు చేసే అతను కూడా అదే మాట అన్నాడు. ఇద్దరూ ఒకే మాట అనేసరికి నమ్మి జాక్ మార్పించాను. ఇంటికి తెచ్చి పిన్ను పెట్టి పాట వేస్తే మళ్లీ అదే చిటపట. లాప్‌టాప్ జాక్‌లో అసలు ఏ లోపమూ లేదు. మీరూ ఇలాగే డబ్బు పోగొట్టుకోకూడదని ఈ పోస్టు రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. అమ్మినవాళ్లు ఫోన్‌లో, "సర్, వేరే దాంట్లో పెట్టి చూడండి, అక్కడ బాగుంటే మీ జాక్‌దే సమస్య" అన్నారు. సరేనని పాత మొబైల్‌కి పెట్టి, సోఫాలో వెనక్కి వాలి రెండు పాటలు విన్నాను. ఒక్క చప్పుడు లేదు. దాంతో తేలిపోయిందనుకున్నాను. కానీ లాప్‌టాప్ దగ్గర కూర్చున్నప్పుడు పిన్ను పక్కకి ఉంటుంది, వైరు బల్ల అంచు మీద వంగి కిందికి దిగుతుంది. సోఫాలో ఫోన్ ఛాతీ మీద ఉంది, వైరు తిన్నగా పడుంది. అంటే జాక్‌తో పాటు వైరు వంపు కూడా మారిపోయింది. అలాంటి పరీక్షతో ఏం తేలుతుంది? వేరే పరికరంలో పెట్టి చూసేటప్పుడు ఇక్కడ ఏ వంపులో చప్పుడు వచ్చిందో అక్కడా అదే వంపు పెట్టాలి. ఊరికే విని బాగుందనుకోకూడదు.

రిపేరు చేసినతను చేసిందీ అలాంటిదే. పిన్నుని పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు, చిటపటమంది, "చూశారా, జాక్ లూజు" అన్నాడు. పిన్ను ఆడిస్తే మూడు కదులుతాయి. జాక్ లోపలి స్ప్రింగు రేకుల మీద పిన్ను కదులుతుంది, బోర్డు మీద జాక్ టంకం మీద ఒత్తిడి పడుతుంది, పిన్ను వెనక రబ్బరు తొడుగు దగ్గర వైరు మెడ వంగుతుంది. ఈ మూడింటినీ ఒకేసారి కదిపి, ఒకదాని మీద నేరం మోపాడు. ఆ మాటకొస్తే మనం అందరం చేసేదీ అదే.

జాక్ మార్చాక కూడా చప్పుడు పోలేదు కాబట్టి ఈసారి తీరిగ్గా కూర్చున్నాను. మొదట పిన్నుని జాక్‌లోనే ఉంచి, బయటికి లాగకుండా, వైరు కూడా దానితో పాటే తిరిగేలా చూసుకుంటూ నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాను. పిన్ను గుండ్రంగా ఉంటుంది కాబట్టి తిప్పినా రేకులు దాన్ని వదలవు. తిప్పుతుంటే కరకరలాడితే పిన్ను మీద మురికో, లోపలి రేకులు సరిగ్గా అంటకపోవడమో కారణం. నాకు ఏ చప్పుడూ రాలేదు.

తర్వాత చేసిన పనే అసలు గుట్టు విప్పింది. ఒక పెన్సిల్ తీసుకుని, విరిగిన వేలికి కట్టు కట్టినట్టు, పిన్ను ప్లాస్టిక్ పిడికి, దాని వెనక ఓ నాలుగు వేళ్ల పొడవు వైరుకి కలిపి టేపు చుట్టాను. ఇక మెడ దగ్గర వైరు వంగే అవకాశమే లేదు. ఇప్పుడు పిన్నుని ఎంత ఆడించినా నిశ్శబ్దం. రిపేరు అతను ఆడించినట్టే ఆడించాను, ఒక్క చిటుకు కూడా లేదు. టేపు విప్పేసి, ఎడమ చేత్తో పిన్ను పిడిని లాప్‌టాప్‌కి కదలకుండా అదిమి పట్టుకుని, కుడి చేత్తో మెడ దగ్గర వైరు మాత్రం వంచాను. వెంటనే చిటపట. జాక్ పాపం మొదటినుంచీ నిర్దోషి.

ఇదే వరసలో మిగతా వైరు కూడా చూడాలి. రెండు చేతుల మధ్య చిన్న ముక్క పట్టుకుని, అది మాత్రమే వంచుతూ, పిన్ను నుంచి చెవి కప్పు దాకా జరుపుకుంటూ పోవడమే. పిన్ను మెడ, వైరు రెండుగా చీలే చోటు, కప్పులోకి దూరే చోటు, ఎక్కువగా తెగేవి ఈ మూడే. మధ్యలో తెగడం కుర్చీ చక్రం కింద పడితేనో, పిల్లిపిల్ల కొరికితేనో తప్ప అరుదు. వైరు ఊడదీసుకునే రకం హెడ్‌ఫోన్ అయితే కప్పు దగ్గర కూడా ఒక జాక్ ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. అలాంటి వాటికి వేరే వైరు పెట్టి చూస్తే సగం పని అయిపోయినట్టే.

చప్పుడు వచ్చినప్పుడు పాట ఎలా మారుతోందో కూడా వినండి. మామూలు స్టీరియో పిన్నులో కొసన ఉన్నది ఎడమ, మధ్య ఉంగరం కుడి, చివరి పెద్ద భాగం రెండింటికీ ఉమ్మడి గ్రౌండు. మైకు ఉన్న పిన్నుకి ఒక ఉంగరం ఎక్కువ ఉంటుంది. ఒక చెవిలోనే శబ్దం పోయి వస్తుంటే ఆ పక్క తీగ అనుమానం. నాకు అలా కాదు, రెండు వైపులా వాయిద్యాలు వినబడుతూనే గాయకుడి గొంతు మాత్రం బావిలోకి దిగిపోయినట్టు మాయమయ్యేది. ఇది గ్రౌండు తెగిన గుర్తు. గ్రౌండు లేకపోతే రెండు స్పీకర్లూ వరసగా కలిసిపోయి, ఎడమ కుడుల మధ్య తేడా మాత్రమే వినిపిస్తాయి. గొంతుని సాధారణంగా రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి అదే ముందు పోతుంది. నిర్ధారణ కావాలంటే సెట్టింగుల్లో `Mono audio` ఆన్ చేయండి. అప్పుడు రెండు వైపులా ఒకటే శబ్దం వెళ్తుంది, తేడా సున్నా, కాబట్టి గ్రౌండు ఊడిన క్షణంలో పాట దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. నాకు సరిగ్గా అలాగే అయింది.

అయితే దీంతో తెలిసేది ఏ తీగ అన్నది మాత్రమే, ఎక్కడ అన్నది కాదు. పిన్ను జాక్‌లోకి పూర్తిగా దిగకపోయినా గొంతు ఇలాగే మాయమవ్వొచ్చు. అందుకే పెన్సిల్ కట్టు లేకుండా ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్మి ఎవరితోనూ గొడవకి దిగకండి.

నేను గొడవకి దిగాలనే అనుకున్నాను కాబట్టి మల్టీమీటర్ కూడా తెచ్చుకున్నాను. దీనిలో గొప్పతనం ఏమిటంటే పిన్ను ఏ పరికరంలోనూ ఉండదు, గాల్లో ఉంటుంది. ఇక మీ జాక్ అనే మాటే ఎత్తలేరు. 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి, ఒక క్లిప్పు పిన్ను కొసకి, ఇంకోటి చివరి భాగానికి తగిలించాను. నాది 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్, మీటర్ 33 చూపించింది. ఉంగరానికి, చివరి భాగానికి మధ్య 34. కొసకీ ఉంగరానికీ మధ్య 67, అంటే రెండు స్పీకర్లూ కలిపి. ఇప్పుడు మెడ వంచితే 33 ఎగిరిపోయి ఖాళీ చూపించి మళ్లీ వచ్చేది, 34 కూడా అంతే. కానీ 67 మాత్రం ఎంత వంచినా కదల్లేదు. ఎడమ తీగా కుడి తీగా రెండూ బాగున్నాయి, తెగింది ఉమ్మడి గ్రౌండు ఒక్కటే. చేత్తో సూదులు పట్టుకుంటే మన చెయ్యి వణికినా అంకె ఎగురుతుంది, క్లిప్పులు తప్పనిసరి. బీప్ మోడ్ మాత్రం వద్దు. చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల లోపే బీప్ అంటాయి, 32 ఓమ్‌ల స్పీకరు ఆ సరిహద్దులో ఉంటుంది కాబట్టి బాగున్న వైరుకి కూడా బీప్ రాకపోవచ్చు.

ఇక లోపం పిన్ను లోపలి టంకంలోనా, ఒక సెంటీమీటరు వెనక వైరులోనా అంటే, అచ్చుపోసిన పిన్ను అయితే బయటి నుంచి చెప్పలేం. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఎలాగూ రెండూ కలిపి కోసి కొత్త పిన్ను వేయడమే. కానీ వారంటీ ఉన్నంతకాలం కత్తెర ముట్టుకోకండి, కోసిన వైరు చూపిస్తే ఎవరూ తీసుకోరు. వారంటీ అయిపోయాక సొంతంగా వేసుకునేవాళ్లకి ఒక మాట. లోపలి సన్నని రాగి పోగులకి రంగు పూత ఉంటుంది. ఆ పూత కాల్చకుండా టంకం పెడితే అంటినట్టే కనిపిస్తుంది, మళ్లీ చిటపట.

నిజంగా జాక్ పోయే సందర్భాలు లేవని కాదు. రెండు వేరు వేరు హెడ్‌ఫోన్లకి పెన్సిల్ కట్టు కట్టి ఆడించినా రెండూ చిటపటమంటే అప్పుడు జాక్‌నే అనుమానించాలి. అప్పుడు కూడా ముందు టార్చి వేసి లోపలికి చూడండి. అడుగున నూలు పోగులు, దుమ్ము గట్టిపడి పిన్నుని పూర్తిగా దిగనివ్వవు. పరికరం ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లిగా బయటికి తీయాలి, గుండుసూది పెడితే రేకులు వంగుతాయి. శుభ్రం చేశాక కూడా చప్పుడు ఉంటే అప్పుడు రిపేరుకి ఇవ్వండి.

నా కథ ఎలా ముగిసిందంటే, మీటర్ అంకె ఎగిరే వీడియో ఒకటి, పెన్సిల్ కట్టు ఉన్నప్పుడూ లేనప్పుడూ తేడా చూపించే వీడియో ఒకటి పంపాను. వాపసు గడువు దాటిపోయింది, కానీ మొదటి ఫిర్యాదు మెయిల్‌లో రాతపూర్వకంగా ఉంది కాబట్టి వారంటీ కింద కొత్తది ఇచ్చారు. ఫోన్‌లో మాత్రమే చెప్పి ఉంటే అదీ దక్కేది కాదేమో. జాక్ మార్పించిన డబ్బు గురించి అడిగితే సమాధానమే లేదు. "జాక్ సమస్య" అన్న మాట ఫోన్‌లో చెప్పిందే గానీ ఎక్కడా రాసి ఇవ్వలేదు మరి.

కొత్తగా వచ్చిన దానికీ మెడ దగ్గర అదే గట్టి తొడుగు. వైరు వంచితే తొడుగు దానితో వంపు తిరగదు, కర్రలా నిలబడుతుంది, వంపంతా దాని అంచు దగ్గర ఒక్క చోటే పడుతుంది. మొదటిది అక్కడే తెగింది. కొనేముందు ఒకసారి వంచి చూసి ఉంటే కనిపించేదే. ఇప్పుడు దీనికి ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి, దాన్నే లాప్‌టాప్‌కి పెడుతున్నాను. బల్ల అంచు మీద వంగేది ఆ ఎక్స్‌టెన్షనే, తెగితే అదే తెగుతుంది.