పేమెంట్ ఫెయిలైందని కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతున్నారా? ముందు ఇది చదవండి

మాది కడప. పోయిన నెల ఆన్‌లైన్‌లో మిక్సీ బుక్ చేశాను. యూపీఐలో రూ.2,349 కట్ అయింది, ఆర్డర్ మాత్రం పడలేదు. టెన్షన్‌లో కంపెనీ పేరు పక్కన కస్టమర్ కేర్ అని కొట్టి వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన నంబర్‌కు ఫోన్ చేశాను. డబ్బు కట్టి ప్రకటన పెట్టినవాళ్లది కూడా పైనే కనిపిస్తుందని అప్పటికి నాకు తెలీదు.

ఫోన్ రెండు రింగులకే కట్ అయింది. కాసేపటికి వేరే మొబైల్ నంబర్ నుంచి వాళ్లే చేశారు. చక్కటి తెలుగు. "మేడమ్, మేం పిన్, ఓటీపీ అడగం. మీరు కూడా ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. ఆ మాటతోనే నమ్మేశాను.

"మీ రీఫండ్ టోకెన్ 24986. నేను చెప్పే నంబర్ తెరిచి, ఆ గడిలో టోకెన్ కొట్టండి" అన్నాడు. అది టోకెన్ గడి కాదండీ, ఎంత పంపాలో రాసే గడి. పక్కనే ₹ గుర్తు ఉంది, నేను కొట్టిన అంకెల మధ్య కామా దానంతటదే పడింది. వాడు గ్యాప్ లేకుండా మాట్లాడుతుంటే అవేవీ కంటికి ఆనలేదు. "రీఫండ్ తీసుకోవడానికి పిన్ కొట్టండి" అంటే కొట్టాను. రూ.24,986 పోయింది. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ కొట్టమన్నారంటే, అది మన దగ్గరి నుంచి పోతున్నట్టే.

"అయ్యో మేడమ్, సర్వర్‌లో ఇరుక్కుంది. ఇంకో టోకెన్ 49972 కొడితే రెండూ కలిసి వస్తాయి" అన్నాడు. కుదరకపోతే స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నాడు. అది వేస్తే మన ఫోన్‌కు వచ్చే ఓటీపీలు వాడికే కనిపిస్తాయి, ఇక అడగాల్సిన పనేముంది? అప్పుడే మా తమ్ముడు ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేశాం. ఆ లావాదేవీ 12 అంకెల యూటీఆర్ నంబర్ అడిగారు, యాప్ హిస్టరీలో ఉంటుంది. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటేనే ఆపగలరు, అందుకే గంటలు కూడా ముఖ్యం.

నాలుగు రోజులకు ఇంకొకడు, "సైబర్ సెల్ నుంచి. మీ 24,986 దొరికింది, ఫీజు 1,500 పంపండి" అన్నాడు. తేదీతో సహా కరెక్టుగా చెప్పాడు. చెప్పడా మరి, కొట్టేసింది వాళ్లే! పోగొట్టుకున్నవాళ్లకు ఈ రెండో ఫోన్ తప్పకుండా వస్తుందనుకుని ఉండండి.

పేమెంట్ ఫెయిలైతే యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి, అక్కడున్న హెల్ప్‌లో ఫిర్యాదు పెట్టండి. వ్యాపారికి కట్టిన డబ్బు ఇలా మధ్యలో ఆగితే, 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. దాటితే రోజుకు రూ.100 పరిహారం.

నా రూ.2,349 మూడో రోజు పొద్దున్నే ఖాతాలో పడింది. దాని కోసం నేను ఎవరికీ ఫోన్ చేయాల్సిన అవసరమే లేదు.