ఇంకుడు గుంత పొంగుతుంటే కంకర మార్చుడా, పైపు వాలు సరిచేసుడా? ఏది మేలు?

మిరుగం దాటి నాలుగు పెద్ద వానలు పడ్డయంటే హన్మకొండ, కాజీపేట దిక్కు గల్లీలల్ల ఇదే ముచ్చట, ఇంకుడు గుంత పొంగి నీళ్లు గేటు కాడికి వస్తున్నయని. మేస్త్రిని పిలిస్తే కంకర, ఇసుక మొత్తం తీసి కొత్తది పోయాలె అంటడు, ప్లంబర్ ని పిలిస్తే పైపుకు వాలు లేదు తీసి మళ్ల వేయాలె అంటడు. ఎవరి పని వాళ్లు చెప్తరు, తప్పు పట్టేదేం లేదు, కానీ పైసలు పెట్టేది మనం కదా. నేనైతే పైపే ముందు అంట, కంకర సంగతి తర్వాత, అది కూడా మొత్తం మార్చుడు చాలాసార్లు అక్కర్లేదు. ఎందుకో మా బావ వాళ్ల ఇంటి లెక్కతోనే చెప్త.

స్లాబ్ 1200 చదరపు అడుగులు. గుంత 5 అడుగుల పొడవు, 5 వెడల్పు, 6 లోతు. కింద పెద్ద రాళ్లు, దాని మీద 40 ఎంఎం కంకర, తర్వాత 20 ఎంఎం, అన్నిటికన్నా పైన దొడ్డు ఇసుక, మామూలుగా అందరు పోసేదే. గుంత మొత్తం కొలత 4250 లీటర్ల దాకా వస్తది కానీ అందుల రాళ్లే ఉంటయి కదా, సందులల్ల నీళ్లు పట్టే జాగ 40 శాతం అనుకుంటే 1700 లీటర్లే. ఇప్పుడు గంటల 50 ఎంఎం వాన కొడితే ఆ స్లాబ్ మీదికెళ్లి ఐదు వేల లీటర్ల పైన దిగుతది. అంటే అంత వానకు మంచిగున్న గుంత కూడా పొంగుతది, అది రోగం కాదు, 2023 జులైల మన దగ్గర కొట్టిన వాన లాంటిదానికి ఏ గుంతా ఆగదు. కానీ 10 ఎంఎం వానకు వచ్చేది వెయ్యి లీటర్లే, దానికి కూడా పొంగుతుంటే అప్పుడు ఎక్కడనో అడ్డం పడ్డట్టు. బావ వాళ్ల గుంత సన్న వానకే పొంగుతుండె.

నీళ్లు ఎక్కడికెళ్లి బయటికి వస్తున్నయో వాన పడేటప్పుడే గొడుగు పట్టుకొని చూడాలె, తర్వాత చూస్తే అంతా తడిగనే ఉంటది, ఏం తెల్వది. గుంతల నీళ్లు లేకుండనే డౌన్ పైపు మొదట్ల ఉన్న చాంబర్ మూతకెళ్లి, ఎల్బో జాయింట్ కెళ్లి నీళ్లు ఎగదన్నుతుంటే పైపు కథ. పైపుల నీళ్లు ధారగా గుంతల పడుతున్నయి కానీ ఇసుక మీదనే చెరువులెక్క నిలుస్తున్నయంటే ఫిల్టర్ కథ. ఇక పైనుంచి కిందిదాక నిండి రెండు మూడు రోజులైనా దిగుతలేవంటే ఆ రెండూ కాదు, కింద రేగడో రాయో ఉన్నట్టు, అక్కడ కొత్త కంకర పోసినా పైపు మార్చినా పైసలు దండుగ.

బావ వాళ్ల దగ్గర మొదటి రెండూ ఉండె. మేస్త్రి చెప్పినట్టు కంకర మొత్తం మార్పిద్దామని బావ రెడీ అయిండు, ట్రాక్టర్ కూడా మాట్లాడిండు. ఒక్క రోజు ఆగు బావా, బకెట్ తోటి చూద్దాం అన్న. ఇసుక మీద రెండు బకెట్లు ఒక్క దగ్గర పోస్తే అరగంటైనా అట్లనే నిలిచినయి. తర్వాత అదే దగ్గర తాపీతోటి రెండు ఇంచుల మందం గీకి తీసేసినం, పైన సన్నటి ఒండ్రు పొర, ఎండితే పెంకులెక్క లేస్తది, దాని కింద ఇసుక మామూలు రంగే ఉన్నది. మళ్ల రెండు బకెట్లు పోస్తే చూస్తుండంగనే గుంజుకున్నది. ఒక మూల చెయ్యి పట్టేంత బొక్క తీసి చూస్తే 20 ఎంఎం కంకర కడిగినట్టే ఉన్నది. అంటే అడ్డం పడ్డది పైన రెండు ఇంచులే, దానికోసం 6 అడుగుల గుంత మొత్తం ఎత్తిపోయాల్నా? పైపొర గీకి, ఇసుక తక్కువ పడ్డకాడ కడిగిన దొడ్డు ఇసుక పోస్తే అయిపాయె, ఒక మనిషికి పూటపని. కంకర కూడా బురదతోటి ముద్దలెక్క అతుక్కొని ఉంటే, లేకుంటే బట్టల సబ్బునీళ్లు, వంటింటి నీళ్లు అండ్లకు వదిలి జిడ్డు పట్టి వాసన వస్తుంటే అప్పుడు మొత్తం తీసుడు తప్పది, అది కూడా ఎండాకాలంల చేయాలె, వానల తవ్వితే పక్క మట్టి కూలుతది.

మరి ఆ ఒండ్రు అంత జల్ది ఎందుకు పట్టింది అంటే అక్కడ పైపు దగ్గరికి రావాలె. డౌన్ పైపు కాన్నుంచి గుంత దాక 24 అడుగులు, 4 ఇంచుల పైపు. వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలె, అంటే 24 అడుగులకు దగ్గర దగ్గర 3 ఇంచులు. లెవల్ పైపుల నీళ్లు పోసి చూస్తే ఉన్నది అర ఇంచు, పైగా పార్కింగ్ టైల్స్ కింద మట్టి దిగి మధ్యల పైపు బొజ్జలెక్క వంగింది. అట్లాంటి పైపుల సన్న వాన పడ్డప్పుడు స్లాబ్ మీది దుమ్ము, ఆకులు మెల్లగ వచ్చి ఆ వంపుల పేరుకుంటయి, సగం పైపు అట్లనే మూసుకపోతది, సన్న వానకే చాంబర్ కాడ పొంగుడు అందుకే, తర్వాత ఒక గట్టి వాన వచ్చి పేరుకున్నదంతా ఒక్కసారే తోసుకొచ్చి ఇసుక మీద పోస్తది. అందుకనే పైపు ముట్టకుండ కొత్త ఇసుక పోస్తే ఆ ఏడు మంచిగనే ఉంటది, వచ్చే ఏడు మళ్ల అదే పెంకు.

వాలు పెంచాలంటే అందరు టైల్స్ పగలగొట్టాలె, గుంత దిక్కు పైపు కిందికి దించాలె అనుకుంటరు. దించితే ఇంకో లొల్లి, ఇసుక మట్టం పైపు మూతికి దగ్గరైతది, ధార పడ్డకాడ గుంట పడ్తది. డౌన్ పైపు ఎట్లా పైకెళ్లి నిలువుగా వస్తది కదా, మొదలునే ఎత్తు పెంచుకుంటే సరిపోతది. బావ వాళ్లకు పాత పైపు భూమిలనే వదిలేసి, డౌన్ పైపును ఒక అడుగు ఎత్తుల కోసి కొత్త పైపు కాంపౌండ్ గోడ వెంబడి క్లాంపులు కొట్టి తెచ్చినం, 3 ఇంచులు అడిగితే 8 ఇంచుల వాలు దొరికింది, తవ్వుడు లేదు. చూడనీకి అంత అందంగ లేదని అక్క కొద్దిగ గులిగింది, రంగు వేపిచ్చినం.

గుంతకు ముందు రెండడుగుల చాంబర్ ఒకటి కట్టి, లోపలికి వచ్చే పైపు కన్నా గుంతకు పోయే పైపు రెండు ఇంచులు కిందికి పెట్టి, మూతి మీద జాలి బిగిస్తే మట్టి అండ్లనే కూర్చుంటది, పెద్ద వాన అయినంక తట్టతోటి ఎత్తిపోసుడే. కొందరు ఇసుక మీద పచ్చ నెట్ పరుస్తరు, మంచిదే, కాకపోతే ముందు మూసుకపోయేది అదే, తీసి దులపకుంటే లేనిదానికన్నా అధ్వానం.

పొంగిన నీళ్లు మోరీలకు పోయే పైపు కూడా ఒకసారి చూసుకోండ్రి. దాని మూతి గుంతలకు వచ్చే పైపు కన్నా కిందికి ఉండాలె, చాలా ఇండ్లల రెండూ ఒకే మట్టానికి పెడ్తరు, గుంత నిండంగనే నీళ్లు వచ్చిన పైపులకే ఎదురెక్కి ఆగుతయి, అప్పుడు ఎంత వాలు పెట్టినా మట్టి మళ్ల పైపులనే కూర్చుంటది.