అనుభవం కంటే చిన్న ఉద్యోగం చూపిస్తే: ముందు అడగడం మేలా, ముందు చెప్పడం మేలా?

పన్నెండు, పదమూడేళ్ల అనుభవం ఉన్నవారికి అయిదు నుంచి ఎనిమిదేళ్ల అనుభవం కోరే ఉద్యోగం గురించి రిక్రూటర్లు సందేశం పంపడం హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ రంగంలో తరచూ జరిగేదే. అవతలివారిని నొప్పించకుండా, అలాగని మొహమాటానికి తలూపకుండా, ఈ తేడాను జవాబులో ఎలా తేల్చుకోవాలని ఈ ఏడాది నలుగురైదుగురు మిత్రులు నన్ను అడిగారు. కిందటి నెల అటువంటి సందేశం నాకే రావడంతో, గతంలో ఒకసారి అనుసరించిన పద్ధతినీ ఈసారి అనుసరించిన పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం కలిగింది.

మొదటి పద్ధతిలో మన సంగతి ఏమీ చెప్పకుండా ప్రశ్న మాత్రమే వేస్తాం. ‘అవకాశం తెలిపినందుకు ధన్యవాదాలు, ఈ ఉద్యోగం ఏ స్థాయిదో చెప్పగలరా?’ అని రాసి ఊరుకుంటాం. రెండో పద్ధతిలో మనం ఇప్పుడు చేస్తున్న పనేమిటో, వారు చూపించిన పని మనకు ఎలా అర్థమైందో ముందుగా చెప్పి, ఆ తరువాత మన అవగాహన సరైనదేనా అని అడుగుతాం.

మొదటి పద్ధతికి ఉన్న బలాన్ని తీసిపారేయలేం. హోదా పేర్లు ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి సరిపోవు కాబట్టి, పేరు చూసి చిన్న ఉద్యోగమని తేల్చేస్తే పొరపాటు మనదే కావచ్చు. సర్వీసు కంపెనీలో టెక్ లీడ్ చేసే పనిని ప్రాడక్ట్ కంపెనీలో సీనియర్ ఇంజనీరు అనే పేరుతోనే చేయించుకోవచ్చు. అంకెలు కూడా అంతే: గూగుల్‌లో ఎల్5 అంటే సీనియర్ ఇంజనీరు, అమెజాన్‌లో అదే ఎల్5 అంటే ఎస్‌డీఈ-2, అక్కడ సీనియర్ స్థాయి ఎల్6 నుంచి మొదలవుతుంది. కనుక సందేశం కంపెనీ సొంత రిక్రూటర్ నుంచి వచ్చి, ఆ కంపెనీలో స్థాయిల వ్యవస్థ స్పష్టంగా ఉన్నప్పుడు, ముందు అడగడమే సబబు. వారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది, ఒక్క వాక్యంలో వస్తుంది.

అయితే మనలో చాలామందికి వచ్చే సందేశాలు కన్సల్టెన్సీల నుంచి వస్తాయి. క్లయింటు ఇచ్చిన జాబ్ డిస్క్రిప్షన్, అనుభవం హద్దులు, జీతం గరిష్ఠ పరిమితి, ఈ మూడింటికి మించి ఆ రిక్రూటర్ చేతిలో ఉండేది తక్కువ. స్థాయి ఏమిటని అడిగితే, మనం అప్పటికే చదివిన జాబ్ డిస్క్రిప్షన్‌నే మళ్లీ జతచేసి, ప్రస్తుత జీతం, ఆశిస్తున్న జీతం, నోటీసు పీరియడ్ నింపి పంపమంటారు. రెండేళ్ల కిందట నాకు జరిగింది ఇదే. నేను మర్యాదగా ప్రశ్న వేశాను, ఆయన మర్యాదగా ఫారం పంపారు. తరువాత రెండు ఫోన్ కాల్స్, ఒక ఆన్‌లైన్ పరీక్ష జరిగాక, తొలి ఇంటర్వ్యూ చివర్లో మేనేజరు గారు ‘ఈ స్థానంలో మీరు మీకంటే అయిదేళ్లు తక్కువ అనుభవం ఉన్నవారికి రిపోర్ట్ చేయాలి, అభ్యంతరం లేదు కదా?’ అన్నప్పుడు గానీ అసలు విషయం బయటపడలేదు. పదకొండు రోజులు గడిచాయి. అందులో రిక్రూటర్‌ను తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు, నా ప్రశ్నకు సమాధానం ఆయన దగ్గర లేదు, అంతే.

నా దృష్టిలో ఏ పద్ధతి మేలో తేల్చే అంశం ఇదే: మన జవాబును రిక్రూటర్ యథాతథంగా పైవారికి పంపగలరా, లేదా? ఆ ఖాళీకి స్థాయినీ జీతం పరిమితినీ నిర్ణయించింది రిక్రూటర్ కాదు, మార్చగలిగేదీ రిక్రూటర్ కాదు. పైగా ‘నాకు పదమూడేళ్ల అనుభవం ఉంది, మీరు ఎనిమిదేళ్లలోపు అడుగుతున్నారు’ అని ఏళ్ల లెక్క మాత్రమే రాస్తే, ‘పరవాలేదు సార్, క్లయింటు ఒప్పుకుంటారు, రెజ్యూమె పంపండి’ అనే జవాబు వస్తుంది. ఏళ్ల హద్దును సడలించడం సులువు, పనిని మార్చడం కష్టం. అందుకే తేడాను ఏళ్లలో కాకుండా పనిలో చూపించాలి.

కిందటి నెల నేను పంపిన జవాబు ఇంగ్లీషులోనే ఉంది, దాని సారాంశం ఇది: ‘నమస్కారం. అవకాశం తెలిపినందుకు ధన్యవాదాలు. వివరాలు చదివాను. డిజైన్ మరొకరు ఇస్తే ఒక మాడ్యూల్ రాసే డెవలపర్ కావాలని నాకు అర్థమైంది. నేను ప్రస్తుతం మూడు సర్వీసుల డిజైన్ బాధ్యతతో పాటు ఎనిమిది మంది బృందం పని చూస్తున్నాను, తరువాతి ఉద్యోగంలోనూ ఆ బాధ్యత ఉండాలని కోరుకుంటున్నాను. నేను పొరబడి, ఈ స్థానంలో డిజైన్ నిర్ణయాలు కూడా ఉంటే దయచేసి చెప్పండి, తప్పక మాట్లాడతాను. లేనిపక్షంలో ఈ స్థానానికి నా రెజ్యూమె క్లయింటుకు పంపవద్దని మనవి. లీడ్ స్థాయి ఖాళీలు వచ్చినప్పుడు గుర్తుంచుకుంటే సంతోషిస్తాను.’

ఇందులో ‘నేను పొరబడి ఉంటే’ అన్న మాట వినయం కోసం పెట్టింది మాత్రమే కాదు, మొదటి పద్ధతిలోని ప్రశ్న అందులోనే ఇమిడి ఉంది. అవుననో కాదనో చెబితే చాలు కాబట్టి, తెలియకపోతే క్లయింటును అడగడం రిక్రూటర్‌కు కూడా తేలిక. రెజ్యూమె పంపవద్దన్న వాక్యం కొంత కటువుగా వినిపించవచ్చు గానీ, నేను వదులుకోలేని వాక్యం అదే. ఒక కన్సల్టెన్సీ ద్వారా మన వివరాలు కంపెనీ వ్యవస్థలో ఒకసారి చేరితే, చాలా చోట్ల కొన్ని నెలలపాటు మన అభ్యర్థిత్వం వారి పేరుతోనే ఉంటుంది. ఈలోగా అదే కంపెనీలో తగిన ఖాళీకి మిత్రుడెవరైనా రిఫర్ చేస్తే డూప్లికేట్ అని ఆగిపోయే ప్రమాదం ఉంది. చిన్న స్థాయికి పరిశీలించిన అభ్యర్థి అనే ముద్ర కూడా ఆ రికార్డుతో పాటే ఉండిపోతుంది.

రెండు రోజుల్లో ఆ రిక్రూటర్ నుంచి జవాబు వచ్చింది. నా సందేశాన్ని క్లయింటుకు పంపారట. ఈ స్థానంలో డిజైన్ బాధ్యత లేదని, జీతం పరిమితి కూడా పెంచలేమని వారు చెప్పారట. రెండు ఈమెయిళ్లతో విషయం తేలింది. నాకు ఉద్యోగం రాలేదు కాబట్టి ఇదేమీ విజయగాథ కాదు, కానీ పదకొండు రోజులు మిగిలాయి.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. మన పనిని కాస్త ఎక్కువ వర్ణించామంటే జవాబు ఆత్మస్తుతిలా తయారవుతుంది. రెండు వాక్యాలు దాటితే నేను కొట్టేస్తాను. ‘ఈ ఉద్యోగానికి నా అర్హతలు మరీ ఎక్కువ’ అనే మాట అసలు వాడను. అది అవతలివారి ఉద్యోగాన్ని చిన్నబుచ్చడమే కాకుండా, చేరినా నిలవరన్న అనుమానాన్ని మనమే అందించినట్టవుతుంది.

మిగిలిన దారుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పేరు కూడా సరిగా లేని మూకుమ్మడి సందేశమైతే మౌనంగా ఉండవచ్చు. ఫోన్‌లో తేల్చుకుందామంటే, మన మాటలు పైవారికి చేరేసరికి ‘ఆసక్తి ఉందట’ అన్న ముక్కే మిగులుతుంది.

కొందరికి మాత్రం ఆ చిన్న ఉద్యోగమే కావాలి. మేనేజరు పని విసిగి మళ్లీ కోడ్ రాయాలనుకునేవారు, తల్లిదండ్రుల కోసం విశాఖకు తిరిగి వెళ్లాలనుకునేవారు ఆ కోవలోకి వస్తారు. వారు కూడా ముందు చెప్పడమే మంచిదని నా అభిప్రాయం, కాకపోతే తేడాతో పాటు కారణాన్నీ, జీతం ఎంతవరకు తగ్గినా సమ్మతమో ఆ అంకెనూ మొదటి జవాబులోనే రాయాలి. ఆ రెండూ లేని జవాబును అందుకున్న రిక్రూటర్, మనం చివరి నిమిషంలో జీతం దగ్గర పేచీ పెడతామని అనుకుని పక్కన పెట్టేస్తారు.